చిన్నోడి వరుస

క్రికెట్ మైదానంలో అందరికీ కనబడకుండా కష్టపడే మనిషి ఎవరయ్యా అంటే స్కోరరే. బ్యాటు పట్టినవాడికి చప్పట్లు, బంతి వేసినవాడికి భుజం మీద తట్లు, అంపైరుకి కనీసం తిట్లయినా దక్కుతాయి. స్కోరర్‌కి ఏం దక్కుతుంది? గాలికెగిరే కాగితాలు, మొద్దుబారే పెన్సిళ్ళు, "ఎంతయిందండీ?" అని ఓవర్‌కి పదిసార్లు అడిగే జనం. అయినా టైలరు బావ ఆ కుర్చీలో సగం జీవితం కూర్చున్నాడు. పక్క కుర్చీలో అతని బావమరిది.

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, కానీ చెరో జట్టు తరఫున. ప్రతి జట్టూ తన స్కోరర్‌ని, తన పుస్తకాన్ని తెచ్చుకోవడం అక్కడి పద్ధతి. ఓవర్ అవగానే రెండు పుస్తకాలూ సరిచూసుకోవాలి. "ఎంత?" "నలభై రెండు, రెండు వికెట్లు." "టాలీ." అంతే, మళ్ళీ తల వంచడమే. ఆ "టాలీ" అన్న మాట వాళ్ళిద్దరూ ఎన్నిసార్లు అనుకున్నారో దేవుడికే తెలియాలి.

బావమరిదికి ఈ పని నేర్పింది బావే. అక్క పెళ్ళయిన కొత్తల్లో, వాచీలు బాగుచేసే ఈ నోట్లో నాలుక లేని కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, ప్రతి బంతినీ మూడు చోట్ల రాయాలి. బ్యాట్స్‌మన్ వరుసలో ఒకసారి, బౌలర్ గడిలో ఒకసారి, మొత్తంలో ఒకసారి. మూడింట్లో ఏ ఒక్కచోట మర్చిపోయినా సాయంత్రం లెక్క నీ పీక పట్టుకుంటుంది" అని చెప్పాడు. పరుగు రాని బంతికి చుక్క. వైడ్‌కి కూడిక గుర్తు. అది బౌలర్ ఖాతాలో పడుతుంది కానీ ఓవర్లో బంతి కింద లెక్క రాదు, బ్యాట్స్‌మన్ వరుసలోకి అసలే వెళ్ళదు. నోబాల్‌కి సున్నా చుట్టాలి. బ్యాటుతో పరుగులొస్తే అంకె ఆ సున్నా లోపల. బై అయితే త్రికోణం, లెగ్‌బై అయితే తలకిందులు త్రికోణం. ఆ రెండూ జట్టుకే గానీ బౌలర్ ఖాతాలో వెయ్యకూడదు. చివర్న బ్యాట్స్‌మెన్ పరుగులూ ఎక్స్‌ట్రాలూ కలిపితే ఎంతో, బౌలర్లిచ్చినవీ బైలూ లెగ్‌బైలూ కలిపితే అంతే రావాలి. రాకపోతే తప్పు నీదే, అంపైరుది కాదు.

అంత నేర్పిన మనిషి పోయిన వారం నాలుగు బైల్ని తీసుకెళ్ళి ఒక బౌలర్ ఖాతాలో వేశాడు. ఆ బౌలర్ ఊరుకుంటాడా? కీపర్ వదిలేసిన పరుగులు నా నెత్తిన రుద్దుతారా అని క్లబ్ సెక్రెటరీ దగ్గర నానా యాగీ చేశాడు. అప్పుడు బయటపడింది గానీ, బావమరిదికి చాలాకాలంగా తెలుసు. బావ బుర్రలో అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. దుకాణంలో చొక్కా కొలత తీసుకుని ప్యాంటు కత్తిరించాడు. కత్తెర దాచేశారు. ఇంటికి దారి మర్చిపోయాడు. బయటికి ఒంటరిగా పంపడం మానేశారు. మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. అందుకే బావమరిది ఈ మధ్య ప్రతి బంతినీ గొణుగుతున్నట్టు పైకి చెబుతున్నాడు. "చుక్క బావా." "ఒకటి, ఎడమచేతివాడికి." "వైడ్, కూడిక." బావ విని రాసేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు, ఆ నాలుగు బైలు పడిన రోజు దాకా. ఆ రోజు బావమరిదికి తుమ్మొచ్చింది, అంతే.

సెక్రెటరీ మంచివాడే. ఒకప్పుడు బావ జట్టుకే ఆడేవాడు. అప్పట్లో రివటలా ఉండేవాడు కాబట్టి "బక్కోడు" అనేవాళ్ళు. ఇప్పుడు పొట్ట ముందొచ్చి మనిషి వెనకొస్తాడు గానీ పేరు మాత్రం వదల్లేదు. అతను బావమరిదిని పక్కకి పిలిచి చెప్పాడు. "మాస్టారంటే నాకు ప్రాణం. నీకు తెలుసు. కానీ కమిటీ ఊరుకోవట్లేదు. ఈ ఆదివారం రెండు పుస్తకాలూ కలిస్తే సరే. కలవకపోతే ఇంకొకర్ని పెడతారు. నా చేతిలో లేదు."

ఈ మాట బావమరిది వెళ్ళి అక్కతో చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆదివారం పొద్దున్నే బావని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, చెక్కిన పెన్సిళ్ళు గుడ్డలో చుట్టి పట్టుకుని.

"నిన్న రాత్రి నన్ను ఎవరమ్మా నువ్వు, మీవాళ్ళు వెతుకుతుంటారు వెళ్ళు అన్నార్రా" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. అవి ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. "ఆ బల్ల దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం మాత్రం నన్ను పేరు పెట్టి పిలుస్తారు. వారానికి ఆ ఒక్క పూటేరా నాకు మొగుడున్నాడు. ఆ కుర్చీ పోతే ఆ పూట కూడా పోతుంది."

"పోదక్కా. నేనున్నానుగా" అన్నాడు బావమరిది. ఎంత తేలిగ్గా అనేస్తాం ఇలాంటి మాటలు!

మొదటి ఇన్నింగ్స్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బావ చెయ్యి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అంపైర్ సైగ చేస్తే ఎడమచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చూశాం, రాసుకున్నాం అని స్కోరర్ చెయ్యెత్తి చూపేదాకా అంపైర్ తరవాతి బంతి వెయ్యనివ్వడు. ఇన్నింగ్స్ అయ్యాక సెక్రెటరీ వచ్చి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, అడ్డంగా నిలువుగా కూడి చూశాడు. వైడ్లతో సహా కలిశాయి. రనౌటయిన వికెట్‌ని బావ ఏ బౌలర్‌కీ ఇవ్వలేదు, సరిగ్గానే వదిలేశాడు. సెక్రెటరీ మొహం విచ్చుకుంది. "భలే మాస్టారూ! సగం గండం గడిచింది" అన్నాడు. బావ ఏ గండమో అర్థంకాక నవ్వాడు. బావమరిది మాత్రం ఆ పూట అన్నం తృప్తిగా తిన్నాడు.

రెండో ఇన్నింగ్స్ మొదలైంది. కొత్త పేజీ. బావమరిది ఓపెనర్ల పేర్లు పైకి చదివి తన పుస్తకంలో రాసుకున్నాడు. బావ కూడా ఏదో రాశాడు. పొద్దుటి ధీమాలో మూడు ఓవర్లు సరిచూడకుండా వదిలేసి, నాలుగో ఓవర్ అయ్యాక "ఎంత బావా? నాకు ఇరవై రెండు, ఒకటి" అన్నాడు.

"పదిహేడు. ఒక వికెట్టు" అన్నాడు బావ తల తిప్పకుండా.

బావమరిది ఉలిక్కిపడి బావ పుస్తకంలోకి తొంగిచూశాడు. తప్పేమీ కనబడలేదు. చుక్కలు చుక్కల్లా, కూడికలు కూడికల్లా ముత్యాల్లా ఉన్నాయి. మనసులో కూడాడు. బ్యాట్స్‌మెన్ పరుగులూ ఎక్స్‌ట్రాలూ పదిహేడు. బౌలర్లవీ, ఒక లెగ్‌బైయ్యీ కలిపితే పదిహేడు. నిలువునా అడ్డంగా కలిసిపోయింది. మరి తేడా ఎక్కడ?

అప్పుడు పేర్లు చూశాడు. బౌలర్ గడిలో "పోస్టుమాస్టారు" అని ఉంది. పోస్టుమాస్టారు పోయి ఏళ్ళయింది. బ్యాట్స్‌మెన్‌లో పైన "బక్కోడు" అని ఉంది. దాని కింద, వికెట్ పడ్డాక వచ్చిన మూడోవాడి వరుసలో "చిన్నోడు".

బావమరిది ఆ పేరు రెండోసారి చదివాడు.

చిన్నోడు బావ కొడుకు, ఒక్కగానొక్కడు. ఆటగాళ్ళని జనం పిలిచే పేర్లతో రాసే బావ, కొడుకుని మాత్రం స్కోరు పుస్తకంలో కూడా ఇంట్లో పిలిచినట్టు చిన్నోడనే రాసేవాడు. ఇది చెల్లదండీ అని అంపైర్లు ఆటపట్టిస్తే "నా కొడుకు, నా పుస్తకం" అనేవాడు. ఏళ్ళ కిందట ఒక ఆదివారం చిన్నోడు నలభై ఏడు మీద ఉండగా బంతిని పక్కకి కొట్టి ఒక పరుగు తీశాడు. అవతలి ఎండ్ నుంచి బక్కోడు రెండో పరుగుకి రమ్మని పిలిచి, సగం దారిలో వద్దన్నాడు. వాడు వెనక్కి తిరిగేలోగా వికెట్లు లేచిపోయాయి. నలభై ఎనిమిది, రనౌట్. ఉడుక్కుంటూ వచ్చి ప్యాడ్లు విసిరేసి, బండి తాళాలు తీసుకుని, స్కోరర్ల బల్ల వెనకనుంచి పోతూ "నాన్నా, వెళ్తున్నా" అన్నాడు. సరిగ్గా అప్పుడే అంపైర్ మోకాలు ఎత్తి చేత్తో తట్టాడు, లెగ్‌బై అని. బావ తల తిప్పకుండా ఎడమచెయ్యి పైకెత్తాడు. అది అంపైర్‌కి జవాబు. మలుపు దగ్గర లారీ. ఇన్నింగ్స్ మధ్యలో స్కోరర్ లేవకూడదని, ఆట ముగిసి రెండు పుస్తకాలూ టాలీ అయ్యేదాకా బావకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇన్నింగ్సే బావ మళ్ళీ రాస్తున్నాడు. ఇవాళ్టి బౌలర్ ఒక బంతి వేస్తే, ఆనాటి ఒక బంతి అతని పెన్సిల్‌లోంచి దిగుతోంది. అక్క పేరు గుర్తులేని బుర్రలో ఆనాటి ప్రతి చుక్కా భద్రంగా ఉంది. ఇదెక్కడి అన్యాయం!

"బావా, అది కాదు బావా. ఇటు చూడు, పైన ఇద్దరూ వేరే..." అన్నాడు బావమరిది మెల్లగా.

"మాట్లాడించకురా. చిన్నోడు కుదురుకుంటున్నాడు" అన్నాడు బావ.

మొహంలో ఎంత వెలుగో! ఈ మధ్యకాలంలో ఆ మొహాన్ని అలా చూసి ఎరగడు బావమరిది. ఇంకేం మాట్లాడతాడు? సంచిలోంచి అదనపు స్కోరు కాగితం ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బావ నేర్పిన చేతిరాతే తనది కూడా, ఎవరూ పోల్చలేరు. ఇవాళ్టి ఇన్నింగ్స్‌ని బల్ల మీద తన పుస్తకంలో ఒకసారి, మోకాలి మీద బావ పేరుతో ఇంకోసారి రాయడం మొదలుపెట్టాడు. ఒక బంతికి ఆరు చోట్ల రాత. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకచోట వైడ్‌ని బంతి కింద లెక్కేసి, ఓవర్లో ఏడు బంతులు తేలి, రబ్బరు పెట్టి దిద్దుకున్నాడు. దిద్దుతున్నంతసేపూ ఒక కన్ను బావ పుస్తకం మీదే. ముప్పై. ముప్పై నాలుగు. ఆ ఫోరు తనకీ గుర్తుంది, బంతి గోడకి తగిలి వెనక్కొచ్చింది. నలభై ఒకటి. చిన్నోడు ఆడుతున్నాడు. మేనల్లుడు ఆడుతుంటే, మేనమామ కూర్చుని వాడి చావు దగ్గరికి లెక్కపెడుతున్నాడు.

నలభై ఏడు.

తరవాతి బంతికి బావ చిన్నోడి వరుసలో ఒకటి వేశాడు. బౌలర్ గడిలో ఒకటి వేశాడు. మొత్తంలో ఒక అంకె కొట్టేశాడు. ఇప్పుడు అవుటైన తీరు రాయాలి, వరుస మూసెయ్యాలి. పెన్సిల్ ఆ గడి మీద ఆగిపోయింది. ఆగి, వణికింది. ఆ పెన్సిల్ బావ చేతిలో వణకడం బావమరిది ఎప్పుడూ చూడలేదు.

మైదానంలో ఇంకో బంతి పడింది. బావ ఆ గడిని ఖాళీగా వదిలేసి, బక్కోడి వరుసలో చుక్క పెట్టాడు. మళ్ళీ చుక్క. ఓవర్ మారింది. అవతలి ఎండ్‌లో ఇప్పుడు చిన్నోడి వంతు. ఆరు చుక్కలు పెట్టి, మెయిడెన్ ఓవర్‌కి చేసినట్టు వాటిని గీతతో కలిపాడు. ఆ తరవాత ఓవర్ బక్కోడికి, ఆరు చుక్కలు. మళ్ళీ చిన్నోడికి, ఆరు చుక్కలు. పరుగు లేదు, వికెట్ లేదు, ఎక్స్‌ట్రా లేదు. పరుగు తీస్తే కదా రనౌటయ్యేది! గుర్తున్నది తెలిసి మరీ అక్కడ ఆపేశాడో, నిజంగానే ఆ తరవాత అతనికేమీ గుర్తులేదో, ఎవరు చెప్పగలరు? బావమరిది కళ్ళలో నీళ్ళు కాగితం మీద పడి ఒక త్రికోణం చెదిరిపోయింది. దాన్ని మళ్ళీ గీశాడు.

ఎండ చల్లబడే వేళకి ఇవాళ్టి ఆట ముగిసింది. ఎవరో గెలిచారు. ఆటగాళ్ళు చేతులు కలుపుకుని, సంచులు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. వికెట్లు కూడా పీకేశారు. బావమరిది మోకాలి మీది కాగితాన్ని మడిచి సిద్ధంగా పెట్టుకుని "పద బావా, అయిపోయింది" అన్నాడు.

"అయిపోవడమేంట్రా? చిన్నోడు క్రీజులో ఉంటేను" అన్నాడు బావ. ఖాళీ మైదానంకేసి చూస్తూ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "ఇన్నింగ్స్ మధ్యలో లేస్తే ఇంకేం స్కోరర్‌విరా నువ్వు?"

ఇంతలో సెక్రెటరీ రానే వచ్చాడు. "ఏం మాస్టారూ, కలిశాయా?" అంటూ వెనక నిలబడి వంగాడు. బావమరిది మడత కాగితాన్ని అందించబోయాడు, కానీ సెక్రెటరీ కళ్ళు అప్పటికే తెరిచిన పుస్తకం మీద పడ్డాయి. పైన తన పేరు చదివాడు. కింద ఇంకో పేరు చదివాడు. నలభై ఎనిమిది దగ్గర ఖాళీగా ఉన్న గడి చూశాడు. ఆ తరవాత వరసపెట్టి చుక్కలు. అంత మనిషీ బల్ల అంచు పట్టుకుని, పక్కనున్న నీళ్ళ డబ్బా మీద కూలబడ్డాడు.

బావ అతన్ని చూసి ముఖం చిట్లించాడు. "నువ్విక్కడున్నావేంట్రా బక్కోడా? అవతలి ఎండ్‌లో ఉండాలి కదా. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలేసి వచ్చావా?"

ఎన్నేళ్ళుగానో సెక్రెటరీ ఈ ఇంటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడలేదని బావమరిదికి తెలుసు. ఇప్పుడు చూశాడు.

"వాడు వెళ్ళిపోయాడు మాస్టారూ" అన్నాడు.

"వెళ్ళిపోవడమేంటి? అవుట్ కాలేదుగా?"

"కాలేదు." సెక్రెటరీ డబ్బా మీద ముందుకు వంగాడు. "నేను... నేను రెండో పరుగుకి పిలవలేదు మాస్టారూ. వాడికి ఒంట్లో బాగోలేదు. అందుకని వెళ్ళాడు."

బావలోని స్కోరర్ మేలుకున్నాడు. "అంపైర్‌కి చెప్పి వెళ్ళాడా? చెప్పకుండా పోతే రిటైర్డ్ అవుట్ అని రాయాల్సొస్తుంది. నా కొడుకని చూడను."

"చెప్పే వెళ్ళాడు. నేను అవతలి ఎండ్‌లోనే ఉన్నాగా, విన్నాను. అంపైర్ సరేనన్నాడు."

"ఒంట్లో బాగోక పోతే అవుట్ కింద రాదు" అన్నాడు బావ, బావమరిదికి కొత్తగా నేర్పుతున్నట్టు. "బాగయ్యాక, ఇంకో వికెట్ పడితే మళ్ళీ వచ్చి ఆడొచ్చు. కదురా?"

"ఆడొచ్చు బావా" అన్నాడు బావమరిది.

బావ వంగి, ఖాళీ గడిలో 'రిటైర్డ్, నాటౌట్' అని పొందిగ్గా రాశాడు. అడ్డంగా కూడాడు. నిలువుగా కూడాడు. తలెత్తి "టాలీ?" అన్నాడు.

బావమరిది తన పుస్తకం మూసేశాడు. అందులో ఉన్నది వేరే ఆట. "టాలీ" అన్నాడు. ఆ కుర్చీలో కూర్చుని అబద్ధమాడటం అదే మొదలు.

మోకాలి మీది కాగితం జేబులోనే ఉంది. ఇస్తే సెక్రెటరీ తీసుకునేవాడే. కమిటీ ముందు ఈ సంగతి బయటపెట్టేవాడు కాదు. కానీ వచ్చే ఆదివారం? చిన్నోడు మళ్ళీ బ్యాటింగ్‌కి వస్తే? మళ్ళీ ఆ గడి దగ్గర ఆ పెన్సిల్ అలా వణికితే? ఆ చెయ్యి ఈసారి రనౌటని రాసెయ్యదని ఏమిటి నమ్మకం? బావమరిది కాగితాన్ని జేబులోనే నలిపేశాడు. తన పుస్తకం ఒక్కటే సెక్రెటరీకిచ్చాడు. "వచ్చే వారం నుంచి బావ చోట ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు. సెక్రెటరీ తలూపాడు. టైలరు బావ పుస్తకాన్ని మాత్రం అతను అడగలేదు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాక బావ కదల్లేదు. "ఇందాక వెనకనుంచి పోతూ వెళ్తున్నా నాన్నా అన్నాడురా" అన్నాడు. "నేను తలెత్తలేదు. అంపైర్‌కేసి చూస్తున్నాను."

మెల్లగా వెనక్కి తిరిగాడు. ఎవరూ లేని గేటుకేసి చూసి, ఎడమచెయ్యి పైకెత్తాడు. చాలాసేపు దించలేదు.

"చూశాడంటావా?"

"చూశాడు బావా."

ఇంటి దగ్గర అక్క గుమ్మంలోనే ఉంది. తమ్ముడి మొహంలోనే సంగతి చదివింది. బావ చెప్పులు విప్పి, ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇదే ఆఖరిసారని ఆమెకి అప్పటికే తెలిసిపోయింది.

"చిన్నోడు నాటౌట్. ఒంట్లో కాస్త బాగోక వెళ్ళాడట, వచ్చేస్తాడు. తలుపు గడియ పెట్టకు" అన్నాడు బావ.

"పెట్టన్లెండి" అంది అక్క.